చదివితే మెచ్చుకున్న తేటగీతి పాడితే ఎందుకు చెడిపోయింది? (స్వర్ణముఖి పాట)

చిత్తూరు తెలుగు మాస్టారు రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న వాడిని. ఎండిపోయిన స్వర్ణముఖిని చూసి రాసుకున్న ఒక తేటగీతిని మా ఊరి సాహిత్య సమావేశంలో చదివినప్పుడు పెద్దలు రెండుసార్లు చదివించుకుని విన్నారు. ఆ ధైర్యంతో, తిరుపతిలో పిల్లల బృందగానం కోసం ఒక మిత్రుడు అడిగితే అదే పద్యాన్ని ఇచ్చాను. ఆయన ఆదితాళంలో వరుస కట్టారు. పిల్లలు శ్రుతి తప్పకుండా పాడారు, వరుస కూడా వినసొంపుగానే ఉంది. అయినా పాట ముగిసిన తరువాత నా పక్కన కూర్చున్న పెద్దాయన "మొదటి పాదం చివర 'నా దివి' అన్నారు కదా, ఇది స్వర్గం మీద పాటా?" అని అడిగారు. మరొకావిడకు చివరి పాదంలో "సాగి రాము" అని వినిపించిందట. నేను రాసిన అర్థానికి అది పూర్తిగా వ్యతిరేకం. పద్యం ఇది:

కొండ గుండెలో పుట్టిన కొంటె నదివి
ఇసుక దుప్పటి కిందనే యింత నిదుర
మబ్బు పిలిచిన పలుకవు మౌన మేల
స్వర్ణముఖి నీవు మేలుకో సాగిరమ్ము

గణాలు, యతి సరిగ్గానే ఉన్నాయి. మాటలు కఠినమైనవి కావు, పెద్ద సమాసాలు లేవు. చదివినప్పుడు ఎవరికీ అర్థం కాకపోవడమన్నది లేదు. తప్పు ఎక్కడుందో తెలిసిన వారు చెప్పగలరా?

ఛందోబంధు రాశారు:

మాస్టారూ, పద్యంలో దోషం లేదు, దోషమంతా వరుసలోనే ఉంది. "నది" అన్న మాటలోని నకారాన్ని సాగదీస్తే అది "నాది" అవుతుందని తెలియని వారు వరుస కట్టారు. తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా వస్తే మాటే మారిపోతుంది. పదం పాదం అవుతుంది, కలం కాలం అవుతుంది, మది మాది అవుతుంది. అందుచేత మీరు పద్యాన్ని ముట్టుకోవద్దు, వరుస మార్పించండి. మరొక మాట కూడా చెప్పాలి. పాటలో ఒత్తక్షరాలు ఉండకూడదు. "దుప్పటి", "స్వర్ణముఖి", "రమ్ము" వంటివి కాగితం మీద అందంగా ఉంటాయి గానీ గొంతుకు అడ్డం పడతాయి.

అలిపిరి అన్న రాశారు:

ఇది మా ఇంట్లోనూ జరుగుతున్నదే. మా అమ్మాయి కల్యాణ మండపంలో పాడితే ఒక్క మాటా స్పష్టంగా వినిపించలేదు. మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంటే మాటలు ముద్దగా వస్తాయని మైకుల వాళ్లు అంటున్నారు. మాస్టారూ, మీ పిల్లలకు ఎన్ని మైకులు ఇచ్చారు? తిరుపతిలో మంచి మైకు ఎక్కడ దొరుకుతుందో కూడా తెలిసిన వారు చెప్పండి.

చిత్తూరు తెలుగు మాస్టారు రాశారు:

అలిపిరి అన్నగారూ, మొదట నాకూ అదే అనుమానం వచ్చింది. అందుకే మరునాడు ఇంటి వసారాలో మైకు లేకుండా ఒక పిల్లవాడి చేత పాడించుకుని విన్నాను. అప్పుడూ "నా దివి" అనే వినిపించింది. కాబట్టి దీన్ని మైకు మీద నెట్టలేము.

వీణ పంతులమ్మ రాశారు:

మాస్టారూ, నమస్కారం. తిరుపతిలో పిల్లలకు వీణ, గాత్రం నేర్పుతుంటాను. మీ పద్యాన్ని చేతితో తాళం వేసుకుంటూ నాలుగైదు సార్లు పాడి చూశాను. వరుస కట్టినాయన పాదానికి ఒక ఆవర్తనం ఇచ్చి, మొదటి సగంలో వేగంగా నడిపి, చివరి మాటను రెండో సగమంతా పరిచి ఉంటారని నా ఊహ. మీరు చెప్పిన అపార్థాలు సరిగ్గా అలా పాడితేనే వస్తాయి.

ఆదితాళానికి ఎనిమిది అక్షరకాలాలు. ఒక్కొక్కదానిలో నాలుగు మాత్రలు చొప్పున లెక్కిస్తే ఆవర్తనానికి 32 మాత్రల చోటు ఉంటుంది. మీ మొదటి పాదానికి ఉన్నవి 18 మాత్రలే. "కొండ గుండెలో" అన్నది ఎనిమిది మాత్రలు, అది రెండు అక్షరకాలాలలో చక్కగా ఇమిడిపోతుంది. "పుట్టిన కొంటె" ఏడు మాత్రలు, ఒక మాత్ర ఊపిరికి వదిలి మరో రెండు అక్షరకాలాలలో సర్దుకుంటుంది. ఇక మిగిలినవి నాలుగు అక్షరకాలాలు, అంటే 16 మాత్రల చోటు, దానిలో నింపడానికి మూడు మాత్రల "నదివి" ఒక్కటే ఉంది. పైగా ఆ మాట మొదలయ్యేది సరిగ్గా ద్రుతం దెబ్బ మీద. దెబ్బ పడిన చోట గొంతు నిలుస్తుంది. నిలిచేసరికి నకారం "నా" అయింది, మిగిలిన రెండక్షరాలు "దివి" అయ్యాయి. వినేవారి చెవి తప్పు వినలేదు, నోటి నుంచి వచ్చిన మాటే అది.

రెండో పాదంలో "నిదుర"కు అదే జరిగితే "నీదురా" అవుతుంది. ఆ మాటను ఎవరూ మీతో ప్రస్తావించకపోవడమే ఆశ్చర్యం. మూడో పాదంలో మాత్రం చివరి మాట "మేల". దాని మొదటి అక్షరం పుట్టుకతోనే దీర్ఘం కాబట్టి ఎంత సాగదీసినా మాట చెడదు. నాలుగో పాదంలో "రమ్ము" ఉంది. పద్యంలో "ర" గురువే, అయితే ఆ గురుత్వం అచ్చు వల్ల వచ్చింది కాదు, తరువాతి ద్విత్వం వల్ల వచ్చింది. కాగితం మీద రెండు రకాల గురువులకూ ఒకటే గుర్తు వేస్తాం. పాడే గొంతుకు మాత్రం అవి ఒకటి కావు, ఎందుకంటే గొంతు అచ్చు మీద నిలవగలదు గానీ "మ్మ" మీద పెదవులు మూసుకుని నిలిస్తే కూనిరాగమే వస్తుంది. అందుచేత పిల్లలు "రా" అని నిలిచి, చివర "ము" అని వదిలారు. "సాగి రాము" అయింది, నది రానని చెప్పినట్టు అయింది.

ఛందోబంధు గారు హ్రస్వదీర్ఘాల గురించి చెప్పినది నిజం. ఒత్తుల గురించి చెప్పినదానితో మాత్రం నేను ఏకీభవించను. "దుప్పటి", "పుట్టిన" అన్న మాటలు వేగంగా నడిచే మొదటి సగంలో ఉన్నాయి, అక్కడ ఆ ఒత్తులు తాళానికి మద్దెల దెబ్బలా తోడు పడ్డాయి. వాటిని తీసేస్తే నడక చప్పబడిపోతుంది. ఒత్తు చెడ్డది కాదు. సాగవలసిన చోట కూర్చున్న ఒత్తు వల్లనే చిక్కు.

ఛందోబంధు రాశారు:

అమ్మా, మీరు చెప్పినదంతా నా మాటకే బలం ఇస్తున్నది. చివరి మాటను అంతసేపు పరచమని పద్యం అడగలేదు కదా. ఎక్కడా సాగదీయకుండా మాత్రకు మాత్రగా వరుస కట్టి ఉంటే సరిపోయేది.

వీణ పంతులమ్మ రాశారు:

అలా కట్టడానికీ ప్రయత్నించాను, అక్కడ మరో చిక్కు ఎదురైంది. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉంటాయని మీకు నేను చెప్పనక్కరలేదు. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే. ఇంద్రగణం మాత్రం నాలుగు కావచ్చు, ఐదు కావచ్చు. కాబట్టి పాదం 17 నుంచి 19 మాత్రల దాకా ఉండవచ్చు. మాస్టారి పద్యంలో మొదటి రెండు పాదాలు 18, మూడోది 17, నాలుగోది 19. పద్యానికి ఇది అందం, నాలుగు పాదాలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు. తాళానికి మాత్రం ఏ పాదానికి ఆ పాదం కొత్త కొలత.

మొత్తం ఒకటే అయిన మొదటి రెండు పాదాలను తీసుకోండి. మొదటి దానిలో గణాల వరుస 3, 5, 4. రెండో దానిలో 3, 4, 5. ఎనిమిది మాత్రల తరువాత, తొమ్మిదో మాత్ర మీద వరుస మలుపు తిరుగుతుందనుకుందాం. మొదటి పాదంలో "గుండెలో" ముగిసి "పుట్టిన" మొదలయ్యే చోట ఆ మలుపు హాయిగా పడుతుంది. అదే వరుసను రెండో పాదానికి వాడితే మలుపు "కిందనే"లోని "కిం" నడిబొడ్డున పడుతుంది. మూడో పాదంలో "పలుకవు" అన్న మాటను "ప" దగ్గర విడగొట్టి "లుకవు" మీద దెబ్బ వేస్తుంది. నాలుగు పాదాలకు నాలుగు వరుసలు కడితే తప్ప ఇది సర్దుకోదు. నాలుగు వరుసలు కడితే పిల్లలకు గుర్తుండదు, వినేవారికి పాట అనిపించదు.

అందుకే మన పెద్దలు పద్యాన్ని పాడినా తాళంలో బంధించలేదు. నాటకాల్లో హార్మోనియం పక్కన పెట్టుకుని పద్యం పాడే నటుణ్ణి గుర్తు చేసుకోండి. ఆయన "కొంటె నదివి" అని మాట పూర్తిగా, మాట్లాడినట్టే పలికి, ఆ తరువాత చివరి అచ్చు మీద రాగం తీస్తాడు. అప్పటికే మాట మన చెవిన పడి అర్థమైపోయింది కాబట్టి ఎంతసేపు రాగం తీసినా అపార్థం రాదు. మాస్టారి పద్యాన్ని ఒక పిల్లవాడి చేత మోహనలో తాళం లేకుండా అలా పాడిస్తే ఇప్పటికీ చక్కగా ఉంటుంది. పాడితే చెడిపోయిందని మాస్టారు శీర్షికలో రాశారు, నా మటుకు తాళంలో బిగిస్తే చెడిపోయిందంటాను.

పాకాల చెక్కభజన రాశారు:

పెద్దలకు వందనాలు. స్వర్ణముఖి మా పాకాల వైపు కొండల్లోనే పుడుతుంది కాబట్టి ఈ చర్చను విడవకుండా చదువుతున్నాను. నాకు ఛందస్సు రాదు. మా పల్లెలో చెక్కభజన నేర్పే మా మామ దగ్గర పన్నెండేళ్లుగా ఆడుతూ పాడుతూ ఉన్నాను.

జాతరకని నేను కట్టిన ఒక పాట ఇలా మొదలవుతుంది:

రావమ్మ గంగమ్మ రావమ్మా
రాగి చెంబున నీళ్లు తెచ్చాము రావమ్మా

దీన్ని ఒక పత్రికకు పంపితే "ఒకే మాట పదేపదే వస్తున్నది, కవిత్వం లేదు" అని తిప్పి పంపారు. వారు చెప్పినది అబద్ధమని నేను అనను, కాగితం మీద చూస్తే నాకూ అలాగే అనిపించింది. అయితే ఇరవై మంది చెక్కలు పట్టుకుని గుండ్రంగా తిరిగేటప్పుడు ముందు పాడేవాడు ఒక చరణం అంటాడు, వెనకవాళ్లు అందుకోవాలి. అడుగు వేస్తూ, వంగి లేస్తూ పాడేవాడికి ఊపిరి చాలా తక్కువ. కొత్త మాట వచ్చిన ప్రతిసారీ వాడు ఒక క్షణం వెనకబడతాడు. తెలిసిన మాట తిరిగి వస్తే వాడి నోరు దానంతట అదే పలుకుతుంది, మనసు అడుగు మీద ఉంటుంది. మాస్టారూ, మీ పద్యంలో ఒక్క మాట కూడా రెండోసారి రాలేదు. వెనకవాళ్లు ఏ మాట పట్టుకుని అందుకోవాలో నాకు తోచలేదు.

చిత్తూరు తెలుగు మాస్టారు రాశారు:

పాకాల బాబూ, నువ్వు రాసినది చదివి కొంతసేపు ఆలోచనలో పడ్డాను. నేను బడిలో పునరుక్తిని దోషంగానే చెప్పాను, పిల్లల వ్యాసాల్లో ఎర్ర సిరాతో కొట్టేశాను కూడా. పాటలో పల్లవి అనేదే ఒక పునరుక్తి అన్న సంగతి తెలిసినా, నా పద్యానికి పల్లవి లేదన్న సంగతి ఇన్నాళ్లూ తట్టలేదు.

పంతులమ్మ గారూ, మీరు చెప్పిన లెక్కలు వేసి చూసుకున్నాను, అన్నీ సరిపోయాయి. పిల్లలకు ఎలాగూ ఒక పాట ఇవ్వాలి. దీన్ని పాటగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వీణ పంతులమ్మ రాశారు:

మీ పద్యంలో పిల్లలు ఏ మాటను అన్నిటికంటే బాగా పాడారో గుర్తు చేసుకోండి. "మేలుకో" అయి ఉంటుంది. దానిలో మొదటి అక్షరం, చివరి అక్షరం దీర్ఘాలు. అది పిలుపు కూడా, పిలిచేటప్పుడు మనం మామూలుగానే సాగదీస్తాం. కాబట్టి అక్కడ రాగం చేసే పనీ భాష చేసే పనీ ఒకటే. దానినే పల్లవిగా తీసుకుని, ఐదు మాత్రల ఖండగతిలో ఇలా అల్లాను:

మేలుకో స్వర్ణముఖి మేలుకో మా తల్లి

ఇసుకలో దాగేవు ఎన్నాళ్లు మాయమ్మ
మబ్బులే పిలిచాయి మాటాడవేమమ్మ

ప్రతి పాదమూ నాలుగు ఐదులు, అంటే 20 మాత్రలు. "మేలుకో" ఐదు, "స్వర్ణముఖి" ఐదు. మీ పద్యంలో "స్వర్ణ" ఒక గణంలోనూ "ముఖి" తరువాతి గణంలోనూ పడ్డాయి. పద్యంలో అది తప్పు కాదు. పాటలో మాత్రం నది పేరు ఒక్క కుదుపులో రావడం మేలని ఇలా పెట్టాను.

పుత్తూరు పాఠకురాలు రాశారు:

నేను రాసేదాన్ని కాను, పాడేదాన్ని కాను, వినేదాన్ని మాత్రమే. పంతులమ్మ గారు ఇచ్చిన పాటను మా ఆయన చేత చప్పట్లు కొట్టించుకుంటూ పైకి చదివాను. చివర మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి "వేమమ్మ ఎవరే?" అని అడిగారు. "మాటాడ" దగ్గర ఒక చప్పట, "వేమమ్మ" దగ్గర ఒక చప్పట పడ్డాయి. "మాటాడవు, ఏమమ్మ" అని రాసిన వారికి తెలుసు, కాగితం చూస్తున్న నాకు తెలుసు, కాగితం చూడని మా అత్తగారికి ఒక కొత్త మనిషి పేరు వినిపించింది.

ఇంకొక సందేహం. పద్యంలో "ఇసుక దుప్పటి" అన్న మాట చదివినప్పుడు నాకు ఎండిన ఏరు కళ్లకు కట్టింది. పాటలో అది "ఇసుకలో దాగేవు" అయ్యేసరికి ఏదో పోయినట్టు ఉంది. పాట అంటే కవిత్వాన్ని పలచన చేయడమేనా?

వీణ పంతులమ్మ రాశారు:

అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. ఛందోబంధు గారు కూడా పట్టని తప్పు పట్టారు. సంధి చేసి రెండు మాటలను కలిపాను, తాళం వచ్చి వాటిని తప్పు చోట విడగొట్టింది. చదివేవాడి కన్ను ముందుకూ వెనక్కూ పోయి సంధిని విడదీసుకుంటుంది, చెవికి ఆ వీలు లేదు. ఆ పాదాన్ని "మబ్బులే పిలిచాయి మౌనమా మా తల్లి" అని మార్చుతున్నాను. మాస్టారి "మౌనం" తిరిగి వచ్చింది, యతి కూడా నిలిచింది.

దుప్పటి సంగతి మాత్రం నాకూ బాధగానే ఉంది. "ఇసుక దుప్పటి" అంటే ఏడు మాత్రలు, మూడూ నాలుగూ. ఐదుల నడకలో అది ఎటు తిప్పినా విరిగిపోతుంది.

ఛందోబంధు రాశారు:

ఏడుకు ఏడుల నడక ఉండగా ఐదులలో ఎందుకు ఇరికించాలి? గురజాడ వారి ముత్యాలసరం నడకే మూడూ నాలుగూ, మూడూ నాలుగూ, పాదానికి 14 మాత్రలు. అందులో మాస్టారి మాట చెక్కుచెదరకుండా కూర్చుంటుంది:

ఇసుక దుప్పటి కింద నిదురా

ఇసుక మూడు, దుప్పటి నాలుగు, కింద మూడు, నిదురా నాలుగు. మిశ్రచాపులో పాడుకోవచ్చు. చివరి అక్షరం దీర్ఘం కాబట్టి అక్కడ ఎంతసేపైనా నిలవవచ్చు. "నీదురా" అయ్యే ప్రమాదం కూడా తప్పింది, ఎందుకంటే సాగేది "ని" కాదు, "రా". మొదట నేను తప్పంతా వరుసదే అన్నాను. మాత్రలు నిలకడగా లేని పాదానికి ఎవరు కట్టినా ఇబ్బందేనని పంతులమ్మ గారి లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను. అయితే పాట కోసం పద్యంలోని బొమ్మను వదులుకోవాలన్న మాటను మాత్రం ఒప్పుకోను. బొమ్మకు తగిన నడక వెతకాలి.

తిరుమలలో దొరికిన తాళ్లపాక వారి రాగిరేకుల్లో సంకీర్తనలకు రాగాల పేర్లు చెక్కి ఉన్నాయి గానీ స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి వారు 20వ శతాబ్దంలో వాటికి స్వరాలు కట్టగలిగారంటే, ఒక సంకీర్తనలోని చరణాలన్నీ ఒకే కొలతలో నడవడం వల్లనే అది సాధ్యమైందని నా అభిప్రాయం. స్వరం పోయినా నడక మాటల్లోనే దాగి ఉంది.

వీణ పంతులమ్మ రాశారు:

ముత్యాలసరం సూచన చాలా బాగుంది, నాకు తట్టనందుకు సిగ్గుపడుతున్నాను. ఒక్క సందేహం ఉంది. మన మాటలు దాదాపుగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి అచ్చును సాగదీయడం తెలుగు పాటకు పెద్ద వెసులుబాటు. మాట మొదటి అక్షరాన్ని సాగదీస్తే మాట మారినట్టు చివరి అక్షరాన్ని సాగదీస్తే మాట మారదు. అయితే దాని ధోరణి మారుతుంది. "నిదుర" అన్నది "నిదురా" అయితే ప్రశ్న కావచ్చు, పిలుపు కావచ్చు. ఇక్కడ మనకు ప్రశ్నే కావాలి కాబట్టి సరిపోతుంది. పైస్థాయికి పోయి "రా" మీద నిలిస్తే మాత్రం "నిదుర, రా" అని నిద్రను పిలిచినట్టు వినిపించదా? జోలపాట అనుకుంటారేమోనని నా భయం.

పాకాల చెక్కభజన రాశారు:

అక్కా, దానికి మా మామ ఒక పరీక్ష పెడతారు. పాట కట్టినవాడు దాన్ని కాగితం చూడని నలుగురికి ఒక్కసారి వినిపించి, వారు విన్నది వారి చేత చెప్పించుకోవాలి. అర్థమైందా అని అడగకూడదు, అడిగితే మొహమాటానికి అయిందంటారు. తిరిగి చెప్పమనాలి. నలుగురిలో ఇద్దరు ఒకే చోట తడబడితే అక్కడ మాట మార్చాలి. ఒక్కరే తడబడితే, ఆ మనిషి చెవిలో దూది పెట్టుకున్నాడని మా మామ అంటారు.

చిత్తూరు తెలుగు మాస్టారు రాశారు:

బాబూ, నిన్న సాయంత్రం నీ మామగారి పరీక్షే పెట్టాను. మా వీధి పిల్లలు నలుగురిని కూర్చోబెట్టి, మా మనవరాలి చేత ముందు నా పద్యాన్ని పాత వరుసలో, తరువాత పంతులమ్మ గారి ఖండగతి పాటను, చివరగా ఛందోబంధు గారి ముత్యాలసరం పాదాన్ని పాడించి, విన్నది రాయమన్నాను.

నా పద్యంలో ముగ్గురు "నా దివి" అనే రాశారు. ఒక పిల్ల "పుట్టిన కొంటె" అని రాసి ఆగిపోయింది. ఏమైందని అడిగితే "ఏం కొంటే, తాతా?" అంది. "కొంటె" తరువాత ఊపిరి కోసం విడిచిన ఆ ఒక్క మాత్ర, విశేషణాన్ని దాని నది నుంచి విడదీసి బజారుకు పంపిందన్నమాట. ఖండగతి పాటను నలుగురూ తప్పు లేకుండా రాశారు, కొత్త పాదంతో సహా. ముత్యాలసరం పాదాన్ని ముగ్గురు సరిగ్గా రాశారు, ఒకడు మాత్రం "కింద నిదుర రా" అని రాశాడు. పంతులమ్మ గారి భయం నిజమైంది గానీ, మామగారి లెక్క ప్రకారం ఒక్కరే కాబట్టి దూది కింద కొట్టేయవచ్చు.

పాడిన తరువాత ఏ పాట గుర్తుందని అడిగితే నలుగురూ "మేలుకో" అన్నారు. ఏ మాట గుర్తుందని అడిగితే ఇద్దరు "ఇసుక దుప్పటి" అన్నారు. దీనితో నా పని తేలిక కాలేదు, ఇంకా కష్టమైంది.

పుత్తూరు పాఠకురాలు రాశారు:

మాస్టారూ, పల్లవి ఐదుల్లో, చరణం ఏడుల్లో ఉండకూడదా?

వీణ పంతులమ్మ రాశారు:

ఉండవచ్చు, నేర్చిన గాయకులు నడక మార్చి పాడతారు. పదేళ్ల పిల్లలు పాతిక మంది కలిసి చరణం చివర ఏడు నుంచి ఐదుకు మారి పల్లవి అందుకోవాలంటే, మార్చిన చోట సగం మంది ముందు, సగం మంది వెనక అవుతారు. నేను ఆ పని చేయించను. మొత్తం పాటను ఏడుల్లోకి మార్చి, "మేలుకో"కు రెండు మాత్రలు అదనంగా ఇచ్చి ఏడు చేయడం ఒక దారి. ఆ మాటలో దీర్ఘాలు ఉన్నాయి కాబట్టి అది సాగుతుంది.

ఛందోబంధు రాశారు:

అదే చేయండి. "మేలుకో" సాగితే చెడేది ఏమీ లేదు, "దుప్పటి" కుదిస్తే చెడుతుంది.

పాకాల చెక్కభజన రాశారు:

నేను ఐదుల పక్షమే. ఏడుకు అడుగు వేయడం మా పిల్లలకు నేర్పేసరికి మాకు ఒక వేసవి గడిచిపోయింది.

చిత్తూరు తెలుగు మాస్టారు రాశారు:

శనివారం తిరుపతి వస్తున్నాను. వరుస కట్టిన మిత్రుడితో మాట్లాడాను, ఆయన నొచ్చుకోలేదు, పైగా "రాము" అన్న మాట విని చాలాసేపు నవ్వారు. పంతులమ్మ గారికి వీలుంటే రెండు నడకల్లోనూ పిల్లల చేత పాడించి చూద్దాం. పాటకు ముందు ఒక పిల్లవాడు నా తేటగీతిని తాళం లేకుండా, మాట ముగిశాకే రాగం తీస్తూ పాడాలని అనుకుంటున్నాం. "రమ్ము" దగ్గర మాత్రం రాగం తీయవద్దని ముందే చెప్పి ఉంచాను.